అద్దె ఖాతా మారిందంటే: చెప్పేదెలా, నమ్మేదెలా

నెలాఖరున రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్లో ఒక మెసేజ్ వస్తుంది. "నమస్తే అమ్మా. నా పాత బ్యాంకు ఖాతాలో ఏదో సమస్య ఉంది. ఈ నెల అద్దె కింది ఖాతాకు వేయండి. వేశాక స్క్రీన్‌షాట్ పెట్టండి." దాని కింద ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్. పక్కన ఇంటి ఓనరుగారి ఫొటో. ఇది నిజమా, మోసమా?

ఎన్నిసార్లు చదివినా తేలదు. అక్షరదోషాలు ఉంటే మోసమని, తిన్నగా ఉంటే నిజమని అనుకునే రోజులు పోయాయి. అసలు ఓనర్లే హడావిడిగా, తప్పులతో టైపు చేస్తారు. మోసగాళ్లు ఓనరు పాత మెసేజ్‌లు చూసి అదే తీరులో రాస్తారు. "నకిలీ మెసేజ్‌లు వస్తున్నాయి, జాగ్రత్త" అన్న హెచ్చరిక చివర్లో ఉన్నా నమ్మడానికి లేదు. ఆ వాక్యాన్ని కాపీ చేయడానికి మోసగాడికి ఒక్క క్షణం చాలు. ఖాతా మారిందని చెప్పే మెసేజ్, తాను నిజమైనదేనని తనంతట తాను రుజువు చేసుకోలేదు. ఆ రుజువు బయటి నుంచి, అంటే మెసేజ్ రాకముందే మీకూ ఓనరుకూ మధ్య ఉన్న దారిలోంచి రావాలి. ఓనరు ఖాతా మార్పును ఎలా తెలియజేయాలి, అద్దెకున్నవాళ్లు దాన్ని ఎలా సరిచూసుకోవాలి అన్నవన్నీ ఈ ఒక్క సంగతిని బట్టే తేలతాయి.

నిజంగానే ఖాతాలు మారతాయి

ఇలాంటి మెసేజ్ వస్తే పట్టించుకోకుండా వదిలేస్తే సరిపోదా అంటే సరిపోదు. ఓనర్ల ఖాతాలు మారడానికి సరైన కారణాలు చాలానే ఉంటాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసిపోయాయి. ఆ తర్వాతి ఏడాది పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు పోయి కొత్తవి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒక్కటయ్యాయి. తెలుగు రాష్ట్రాల్లో లక్షలాది ఖాతాదారులు తమ వివరాలను అందరికీ మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది. వాళ్లలో ఇళ్లు అద్దెకిచ్చినవాళ్లూ ఉన్నారు.

విదేశాలకు వెళ్లినవాళ్ల సంగతి ఇంకొకటి. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొని అద్దెకిచ్చిన మనిషి ఉద్యోగం మీద అమెరికాలో స్థిరపడితే, ఇక్కడి మామూలు పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవాలి. ఇక్కడ వచ్చే అద్దె ఆ ఖాతాలో పడాలి. అప్పుడు అద్దె చెల్లించేవాళ్ల మీద పన్ను కోత బాధ్యత కూడా పడుతుంది కాబట్టి, ఆ మార్పు వాళ్లకు తెలియాల్సిందే. ఓనరు చనిపోయి ఇల్లు భార్య పేరుకో పిల్లల పేరుకో మారినా, ఇల్లు అమ్ముడుపోయినా ఖాతా మారుతుంది.

కాబట్టి నిజమైన మార్పు వచ్చినప్పుడు పని ఆగకూడదు, నకిలీది వచ్చినప్పుడు డబ్బు కదలకూడదు. ఒకే పద్ధతి రెండింటికీ పనికిరావాలి.

మోసగాడికి కావలసినవి మూడే

అద్దె దారి మళ్లించాలంటే మోసగాడికి ఓనరు పేరు, అద్దెకున్నవాళ్ల ఫోన్ నంబరు, అద్దె కట్టే తేదీ తెలిస్తే చాలు. తేదీ అందరికీ తెలిసిందే. ఒకటి నుంచి ఐదో తారీఖు లోపు. పేరూ నంబరూ టులెట్ బోర్డు మీద, అద్దె ఇళ్ల ప్రకటనల్లో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దొరుకుతాయి.

వచ్చే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది కొత్త నంబరు. ఓనరు డీపీ దించుకుని, ఏదో సిమ్‌తో వాట్సాప్ తెరిచి, "ఇది నా కొత్త నంబరు, సేవ్ చేసుకోండి" అని మొదలుపెడతారు. రెండు రోజులు మామూలు మాటలు నడిపి, ఆ తర్వాత ఖాతా మాట ఎత్తుతారు. నంబరు కొత్తది కాబట్టి చూసేవాళ్లకు కాస్తయినా అనుమానం వస్తుంది.

రెండోది ఇంతకంటే ప్రమాదం. ఓనరుకు ట్రాఫిక్ చలానా అనో, పెళ్లిపత్రిక అనో, బ్యాంకు కేవైసీ అనో చెప్పి ఒక ఏపీకే ఫైలు పంపిస్తారు. ఆయన దాన్ని నొక్కితే ఫోన్లోకి దొంగ యాప్ దిగుతుంది. లేదంటే ఏదో మాయమాట చెప్పి వాట్సాప్ ఆరంకెల కోడ్ చెప్పించుకుంటారు. దాంతో ఆయన వాట్సాప్ వాళ్ల చేతిలోకి పోతుంది. ఇప్పుడు మెసేజ్ వచ్చేది ఎప్పటి నుంచో ఉన్న అదే చాట్‌లోకి. పైన పోయిన నెల అద్దె స్క్రీన్‌షాట్, బోరు మోటారు గురించి మాట్లాడుకున్న మాటలు, సంక్రాంతి శుభాకాంక్షలు అన్నీ అలాగే ఉంటాయి. వాటి కిందే కొత్త ఖాతా నంబరు.

అందుకే "తెలిసిన నంబరు నుంచే వచ్చింది కదా" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. తిరిగి అదే చాట్‌లో "నిజమేనా అంకుల్?" అని అడిగినా ప్రయోజనం లేదు. జవాబు చెప్పేది మోసగాడే. సాధారణంగా వాట్సాప్ పోయినా సిమ్ మాత్రం ఓనరు దగ్గరే ఉంటుంది. అందువల్ల వాట్సాప్ కాల్ కాకుండా మామూలు ఫోన్ కాల్ చేస్తే ఆయనే ఎత్తుతారు. ఏపీకే దిగిన ఫోన్లో కాల్స్ కూడా వేరే నంబరుకు మళ్లే ప్రమాదం ఉంది కాబట్టి, గొంతు గుర్తుపట్టాక కూడా మీ ఇద్దరికే తెలిసిన ఒక సంగతి అడగడం మంచిది. "మొన్న ట్యాంకు కడిగించినప్పుడు ఎవరొచ్చారు అంకుల్?" లాంటి ప్రశ్న చాలు.

డబ్బు పడే ఖాతా కూడా మోసగాడిది కాదు. నెలకు ఇంతని కమీషన్ ఆశ చూపి ఎవరి పేరు మీదో తెరిపించిన అద్దె ఖాతా. పోలీసులు, బ్యాంకులు దీన్ని మ్యూల్ ఖాతా అంటారు. అందులో పడ్డ సొమ్ము నిమిషాల్లో నాలుగైదు ఖాతాలకు చీలిపోతుంది.

తెర మీద కనిపించే పేరు

ఈ మోసానికి చాలా కాలం కలిసొచ్చిన లోపం ఒకటుంది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ ద్వారా డబ్బు పంపేటప్పుడు మనం ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, పేరు నింపుతాం. కానీ డబ్బు జమ అయ్యేది ఖాతా నంబరును బట్టే. పేరు సరిపోయిందా లేదా అని వ్యవస్థ చూసేది కాదు. ఓనరు పేరు రాసి మోసగాడిచ్చిన నంబరు వేస్తే, డబ్బు హాయిగా ఆ నంబరుకు వెళ్లిపోయేది. పంపినవాళ్ల ఫోన్లో మాత్రం ఓనరు పేరే కనిపించేది.

రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో 2025 ఏప్రిల్ 1 నాటికి బ్యాంకులు దీనికి ఒక సదుపాయం పెట్టాలి. నెట్ బ్యాంకింగ్‌లోనో మొబైల్ బ్యాంకింగ్‌లోనో ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కొడితే, ఆ ఖాతా బ్యాంకు రికార్డుల్లో ఎవరి పేరున ఉందో డబ్బు పంపకముందే తెర మీద కనిపిస్తుంది. దీనికి రుసుము లేదు. యూపీఐలో కూడా, పిన్ కొట్టేముందు బ్యాంకు రికార్డుల్లోని పేరునే చూపించాలని, ఎవరికి నచ్చిన పేరు వాళ్లు పెట్టుకోవడం కుదరదని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025లో యాప్‌లను ఆదేశించింది.

ఈ పేరు చాలా ఉపయోగపడుతుంది. ఓనరు పేరు ఒకటైతే, తెర మీద ఎవరో ఊరూపేరూ తెలియని మనిషి పేరో, ఏదో ఎంటర్‌ప్రైజెస్ పేరో వస్తే అక్కడే ఆగిపోవచ్చు. అయితే మోసగాడు దీనికి ముందే సాకు సిద్ధం చేసుకుంటాడు. "అది మా అల్లుడి ఖాతా", "మా ఆడిటర్ చెప్పాడు, ట్యాక్స్ కోసం" అంటాడు. పైగా మన దగ్గర ఒకే పేరున్నవాళ్లు వేలల్లో ఉంటారు. ఓనరు పేరు శ్రీనివాసరావు అయితే, అదే పేరున్న మ్యూల్ ఖాతా దొరకడం అసాధ్యమేమీ కాదు. కాబట్టి పేరు కలవకపోతే ఆగిపోవాలి. కలిసిందని మాత్రం అక్కడితో వదిలేయకూడదు.

ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ కూడా ఇలాంటిదే. అందులో పదకొండు అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకుది, ఐదోది సున్నా, చివరి ఆరు బ్రాంచివి. గుంటూరులో ఉండే ఓనరు కొత్త ఖాతా ఎక్కడో ఉత్తరాదిలోని ఒక బ్రాంచిలో ఉందని తేలితే అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. కానీ ఆ కోడ్ బ్రాంచి ఏదో చెబుతుంది తప్ప, ఖాతా ఎవరిదో చెప్పదు.

ఒక ఇల్లు, ఐదు వాటాలు

పద్ధతిగా చేస్తే ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. కూకట్‌పల్లిలో మూడంతస్తుల ఇల్లు. ఐదు వాటాలు అద్దెకున్నాయి. వాటాకు రూ.14,000, ఐదో తారీఖు లోపు కట్టాలి. ఓనరు రిటైరైన స్కూలు మేస్టారు, ఉండేది గుంటూరులో. ఇన్నాళ్లూ హైదరాబాద్ బ్రాంచిలోని ఖాతాకు అద్దె వస్తోంది. ఇక మీదట పింఛను పడే గుంటూరు ఖాతాలోకే అద్దె కూడా రావాలని ఆయన కోరిక.

మేస్టారు మొదట చేసిన మంచి పని సమయం ఎంచుకోవడం. జూన్ అద్దెలన్నీ అందాక, జూన్ 8న మాట మొదలుపెట్టారు. అద్దె కట్టడానికి ఇంకా దాదాపు నెల ఉంది. ఎవరికీ తొందర లేదు. మోసగాడు ఎప్పుడూ గడువు నెత్తి మీదికి వచ్చాకే దిగుతాడు, ఎందుకంటే తొందరలో ఉన్నవాళ్లు ఫోన్ చేసి కనుక్కోరు.

రెండోది, మార్పు కబురును, కొత్త నంబరును వేర్వేరు దారుల్లో పంపడం. వాట్సాప్‌లో ఒక్కొక్కరికి విడివిడిగా ఇలా రాశారు:

"నమస్కారం. జూలై అద్దె నుంచి నా బ్యాంకు ఖాతా మారుతుంది. కొత్త ఖాతా నంబరు ఇక్కడ రాయడం లేదు. జూన్ 15 ఆదివారం నేను ఇంటికి వచ్చినప్పుడు సంతకం చేసిన కాగితం చేతికిస్తాను. అది అందాక, మీ దగ్గర ముందు నుంచి ఉన్న నా నంబరుకు మామూలు ఫోన్ కాల్ చేసి ఖాతా చివరి నాలుగంకెలు సరిచూసుకోండి. సరిచూసుకునే దాకా పాత ఖాతాకే వేయండి. పాత ఖాతా సెప్టెంబరు చివరిదాకా ఉంటుంది. దీనివల్ల ఆలస్యమైతే నేనేమీ అనను. వాట్సాప్‌లోగానీ ఎస్సెమ్మెస్‌లోగానీ నా పేరుతో ఏ ఖాతా నంబరు వచ్చినా, క్యూఆర్ కోడ్ వచ్చినా అది నాది కాదు."

ఈ మెసేజ్‌లో ఖాతా నంబరూ లేదు, ఫోన్ నంబరూ లేదు. ఇది గమనించాల్సిన విషయం. "అనుమానముంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని రాసే ఉత్తరం, ఆ నంబరు మోసగాడిదైతే ఎవరినీ కాపాడదు. ముందు నుంచి ఉన్న నంబరుకు చేయమంటే, మెసేజ్ ఎవరు కాపీ కొట్టినా వాళ్లకు లాభం లేదు. ఎవరైనా దీన్నే యథాతథంగా పంపినా, అది చదివినవాళ్లు చేసేది అసలు ఓనరుకు ఫోన్ చేయడమే.

15న మేస్టారు వచ్చి ఐదు వాటాల వాళ్లకూ కాగితం ఇచ్చారు. అందులో ఇంటి చిరునామా, వాటా, పాత ఖాతా చివరి నాలుగంకెలు, కొత్త ఖాతా పూర్తి నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, బ్యాంకు రికార్డుల్లో ఉన్నట్టుగా ఆయన పేరు, ఏ నెల అద్దె నుంచి మార్పు, కింద సంతకం, తేదీ ఉన్నాయి. బ్యాంకు రికార్డుల్లోని పేరు సరిగ్గా రాయడం ఇక్కడ ముఖ్యం. అద్దె ఒప్పందంలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పాస్‌బుక్కులో పొడి అక్షరాలే ఉంటే, తెర మీద వేరే పేరు చూసి అద్దెకున్నవాళ్లు కంగారు పడతారు. మీదకు అడ్డంగా రెండు గీతలు గీసి క్యాన్సిల్డ్ అని రాసిన చెక్కు జిరాక్సు కూడా జతచేశారు. అందులో పేరు, ఖాతా నంబరు, కోడ్ మూడూ అచ్చులో ఉంటాయి.

ఇరవై మూడు రూపాయల పరీక్ష

రెండో అంతస్తులో ఉండే నర్సుకు ఆ ఆదివారం డ్యూటీ. కాగితం పక్కింటివాళ్లు తీసుకుని ఇచ్చారు. సరిచూసుకోవడానికి ఆమె తర్వాతి రోజు మేస్టారి పాత నంబరుకు ఫోన్ చేసింది.

"మేస్టారూ, కాగితం అందింది. కొత్త ఖాతా చివరి నాలుగంకెలు మీరే చెప్పండి, నేను చూసుకుంటాను."

ఆయన చెప్పారు, కాగితంతో కలిశాయి. ఆమె బ్యాంకు యాప్‌లో ఖాతా నంబరు కొట్టింది. మేస్టారి పేరే వచ్చింది. అప్పుడు ఇరవై మూడు రూపాయలు పంపి, మళ్లీ ఫోన్ చేసింది.

"ఇప్పుడే కొంచెం డబ్బు పంపాను మేస్టారూ. ఎంత వచ్చిందో చెప్పండి."

"ఉండమ్మా, కళ్లజోడు పెట్టుకోనీ. ఇరవై మూడు రూపాయలు. ఇదేం లెక్కమ్మా?"

"ఊరికే మేస్టారూ. జూలై అద్దెలో తగ్గించుకుంటాను."

చాలామంది ఒక రూపాయి పంపి, తెర మీద టిక్కు గుర్తు చూసి, పని అయిపోయిందనుకుంటారు. ఆ టిక్కు చెప్పేది ఖాతా ఉందనీ, డబ్బు చేరిందనీ మాత్రమే. అది మోసగాడి ఖాతా అయినా టిక్కు వస్తుంది. పరీక్ష పూర్తయ్యేది అవతల మీకు తెలిసిన గొంతు, తెలిసిన నంబరు నుంచి, ఎంత వచ్చిందో చెప్పినప్పుడే. అందుకే "ఇరవై మూడు వచ్చాయా?" అని అడగకూడదు. అలా అడిగితే చూసుకోకుండానే "ఆ, వచ్చాయి" అనేస్తారు. మొత్తం ఆయన నోటి నుంచే రావాలి. అది రూపాయీ పదీ లాంటి ఊహించగలిగే మొత్తం కాకుండా ఉంటే మరీ మంచిది.

ఆ తర్వాత ఆమె యాప్‌లో పాత ఖాతా ఎంట్రీని తీసేయలేదు, దాని పేరు పక్కన "పాతది" అని పెట్టుకుంది. ప్రతినెలా తనంతట అద్దె వెళ్లేలా పెట్టుకున్న సూచన ఉంటే, దాన్ని ఆగస్టుకల్లా కొత్త ఖాతాకు మార్చుకోవాలి. అందరూ ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

అసలు వెనకే నకిలీ

జూలై 2, రాత్రి పది. ఐదు వాటాల వాళ్లకూ కొత్త నంబరు నుంచి మెసేజ్. మేస్టారి ఫొటోయే. "పోయిన నెల ఇచ్చిన ఖాతాకు కేవైసీ ఆగింది. దానికి వేయకండి, వెనక్కి రాదు. ఈసారికి కింది ఖాతాకు వేయండి, ఇది మా అల్లుడిది. అర్జెంటు."

మార్పు జరిగిన వెంటనే వచ్చే రెండో మార్పు ప్రమాదకరమైనది. ఖాతా మారుతోందని అందరికీ తెలుసు, అందరి మనసూ దానికి సిద్ధమై ఉంది. "మొన్ననే కదా మార్చారు, మళ్లీ ఏదో ఇబ్బంది వచ్చినట్టుంది పాపం" అనిపిస్తుంది. కబురు ఎవరి ఫోన్ ద్వారానో బయటికి పొక్కి ఉండొచ్చు. అది ఆ రాత్రికి తేలే విషయం కాదు.

నర్సు పాత నంబరుకు ఫోన్ చేసింది. ఎత్తలేదు, మేస్టారు తొమ్మిదింటికే పడుకుంటారు. ఇంతలో అవతల నుంచి "వేశారా?" అని మరో మెసేజ్. ఇలాంటప్పుడు ఏం చేయాలి?

ఇక్కడ రెండు తప్పులను పక్కపక్కన పెట్టి చూడాలి. మెసేజ్ నిజమే అయి ఉండి, ఆమె దాన్ని నమ్మకుండా ముందే రూఢి అయిన ఖాతాకు వేసిందనుకుందాం. ఆ ఖాతా పనిచేస్తుంటే డబ్బు మేస్టారి చేతిలోనే ఉంటుంది. మూసేసి ఉంటే బ్యాంకు దాన్ని పంపినవాళ్లకే తిప్పి పంపుతుంది. మహా అయితే రెండు రోజుల చికాకు. మెసేజ్ నకిలీ అయి ఉండి, ఆమె దాన్ని నమ్మి కొత్త ఖాతాకు వేసిందనుకుంటే, పద్నాలుగు వేలు పోయినట్టే. ఒక తప్పును దిద్దుకోవచ్చు, రెండోదాన్ని దిద్దుకోవడం దాదాపు కుదరదు. అందుకని తేలనప్పుడల్లా ఒకటే సూత్రం: చివరిసారి రూఢి అయిన ఖాతాకే వేయాలి, లేదా తెల్లారే దాకా ఆగాలి. ఐదో తారీఖుకు ఇంకా మూడు రోజులుంది.

తెల్లారి మేస్టారు ఫోన్ ఎత్తారు. ఆయనకు అల్లుడే లేడు. వెంటనే మిగతా నాలుగు వాటాల వాళ్లకూ ఆయనే ఒక్కొక్కరికి ఫోన్ చేశారు. అందరూ ఆగి ఉన్నారు. ఐదుగురూ నమ్మి ఉంటే ఒక్క రాత్రిలో రూ.70,000 పోయేది.

డబ్బు వెళ్లిపోయి ఉంటే

పోయిందని తెలిసిన నిమిషంలో చేయాల్సింది 1930కి ఫోన్. ఇది దేశమంతటికీ ఉన్న సైబర్ ఆర్థిక నేరాల హెల్ప్‌లైన్. cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఇంకొకరి చేత అదే సమయంలో మీ బ్యాంకుకు ఫోన్ చేయించండి. లావాదేవీ రిఫరెన్స్ నంబరు, మీ ఖాతా, డబ్బు వెళ్లిన ఖాతా, మొత్తం, సమయం చేతిలో పెట్టుకోవాలి. యూపీఐలో ఆ నంబరు పన్నెండు అంకెలు ఉంటుంది, నెఫ్ట్ అయితే దాన్ని యూటీఆర్ అంటారు. రెండూ లావాదేవీ వివరాల్లో కనిపిస్తాయి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. మెసేజ్‌లు చెరిపేయొద్దు, ఆ నంబరును బ్లాక్ చేసేముందు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టండి.

ఫిర్యాదు అందగానే డబ్బు చేరిన బ్యాంకుకు కబురు వెళ్తుంది. అప్పటికి సొమ్ము ఎంత మిగిలి ఉంటే అంతవరకు నిలిపేస్తారు. మ్యూల్ ఖాతా నుంచి ముందుకు పోయిన భాగాన్ని పట్టుకోవడం గంట గంటకూ కష్టమవుతుంది. అందుకే తెల్లారి స్టేషన్‌కు వెళ్దాంలే అనుకోకూడదు. అలా నిలిపిన సొమ్ము కూడా వెంటనే చేతికి రాదు. దాన్ని తిరిగి ఇప్పించడానికి ఇదివరకు సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చేది.

బ్యాంకే నష్టం భరిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఖాతాదారుకు తెలియకుండా జరిగిన లావాదేవీల్లో, వెంటనే ఫిర్యాదు చేస్తే కొన్ని సందర్భాల్లో నష్టం ఖాతాదారు మీద పడకుండా రిజర్వ్ బ్యాంకు 2017లో రక్షణ పెట్టింది. కానీ ఇక్కడ పిన్ కొట్టింది మీరే, పంపింది మీరే. మోసపోయి పంపినా బ్యాంకు లెక్కలో అది మీరు ఒప్పుకుని చేసిన చెల్లింపే.

ఓనరుతో లెక్క వేరు. ఎవరో మూడో మనిషి ఖాతాలో పడ్డ డబ్బుతో ఓనరుకు మీ బాకీ తీరదు. ఆయన అడిగితే అద్దె మళ్లీ కట్టాల్సి రావచ్చు. అయితే ఓనరు వాట్సాప్ పోయిందని ఆయనకు ముందే తెలిసి ఎవరికీ చెప్పలేదనుకోండి, అప్పుడు నష్టాన్ని పంచుకోమని అడగడం న్యాయమే. ఇల్లు అమ్ముడుపోయిన సందర్భంలో మాత్రం చట్టం స్పష్టంగా ఉంది. ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం, అమ్మకం సంగతి తెలియక, తెలిసే అవకాశం లేక, పాత ఓనరుకు కట్టిన అద్దెను కొత్త ఓనరుకు మళ్లీ కట్టనక్కర్లేదు. కాబట్టి "ఇల్లు నేను కొన్నాను, ఇక అద్దె నాకు వేయండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే కంగారు పడాల్సిన పనిలేదు. పాత ఓనరు నోటి నుంచి ఆ మాట వినేదాకా, లేదా అమ్మకం కాగితం చూసేదాకా ఆగొచ్చు. ఓనరు చనిపోయి, వారసులమని ఒకరికి ఇద్దరు వేర్వేరు ఖాతాలు చెబితే, అందరూ కలిసి సంతకం పెట్టిన కాగితం అడగాలి.

ఒప్పందంలో నాలుగు వాక్యాలు

ఈ మోసం బతికేది ఒక భయం మీద. గడువు దాటితే ఓనరు ఏమంటారో, ఇల్లు ఖాళీ చేయమంటారేమో అన్న భయం. ఫోన్ చేసి "నిజమేనా?" అని అడిగితే అనుమానించినట్టు ఉంటుందేమో అన్న మొహమాటం కూడా దానికి తోడవుతుంది. ఎన్ని హెచ్చరికలు పంపినా ఆ భయం పోదు. ఓనరు రాతపూర్వకంగా మాటిస్తే పోతుంది. పదకొండు నెలల అద్దె ఒప్పందం తిరిగి రాసుకునే ప్రతిసారీ ఈ నాలుగు వాక్యాలు చేర్చుకోవచ్చు:

"అద్దె జమ చేయాల్సిన ఖాతా, ధ్రువీకరణకు ఫోన్ నంబరు ఈ ఒప్పందంలో రాసినవే. ఖాతా మారితే యజమాని సంతకం చేసిన కాగితం ఇవ్వాలి, అద్దెదారు పై నంబరుకు ఫోన్ చేసి లేదా నేరుగా కలిసి సరిచూసుకున్నాకే ఆ మార్పు అమల్లోకి వస్తుంది. అలా సరిచూసుకునే దాకా పాత ఖాతాకు జమచేసిన అద్దె చెల్లినట్టే లెక్క. సరిచూసుకోవడం వల్ల పది రోజుల దాకా ఆలస్యమైతే యజమాని అపరాధ రుసుము వేయరు, ఆ కారణంతో ఒప్పందం రద్దు చేయరు."

రెండో వాక్యం ఓనరును కూడా కట్టేస్తుంది. ఆయన నిజంగానే తొందరపడి వాట్సాప్‌లో నంబరు పంపినా అది చెల్లదు. అది ఆయనకు కాస్త ఇబ్బందే, కానీ ఆయన ఫోన్ ఎవరి చేతిలోనైనా పడిన రోజున ఆయన అద్దెను కాపాడేది ఆ ఇబ్బందే. మూడో వాక్యం, నాలుగో వాక్యం అద్దెకున్నవాళ్లకు ఆగే హక్కు ఇస్తాయి. రాత్రి పదింటికి "అర్జెంటు" అని వచ్చిన మెసేజ్‌కు జవాబివ్వకుండా ఫోన్ పక్కన పెట్టి పడుకోగలగాలంటే, ఆ హక్కు కాగితం మీద ఉండాలి.